అమ్మానాన్నల నలభయ్యో పెళ్లిరోజుకి స్లైడ్‌షో

అమ్మడూ,

ఫోన్లో చెప్పినవి గుర్తుండవని రాసి పంపుతున్నాను. ముప్పై ఏళ్లు స్టూడియో నడిపిన చేత్తో ఇంట్లోవాళ్లకి ఇలాంటివి చాలానే చేశాను. మా అక్కకీ బావగారికీ చేసేది మాత్రం బాగా కుదరాలని నాకు గట్టిగా ఉంది.

ముందు ఫొటోల వరస చూడు. 1986 నాటి పెళ్లి ఆల్బమ్‌ని నమ్మకు. అందంగా వచ్చినవి ముందు, మిగతావి వెనక అతికించేశారు. తలంబ్రాలు అయ్యాక సూత్రధారణ వస్తే అక్కడ కూర్చున్న పెద్దవాళ్లందరూ ఒకేసారి "అదేంటీ" అంటారు. అమ్మ జుట్టులోనో నాన్న భుజం మీదో బియ్యం గింజలు బాగా ఎక్కువగా కనిపిస్తే అది తలంబ్రాల తర్వాతది అయ్యుంటుంది. మెడలో సూత్రం లేకపోతే, సూత్రధారణకి ముందుది. ఇంకా అనుమానం ఉంటే బీరువాలో నెగెటివ్‌ల కవరు ఉంటుంది, తీసి కిటికీకి ఎదురుగా పట్టుకో. అంచున ప్రతి ఫ్రేముకీ నంబరు ఉంటుంది. ఒక రీలులో ఆ నంబర్ల వరసే తీసిన వరస.

పెళ్లి దాటాక ఏడాది ప్రకారం వెళ్లు. తేదీ తెలియని ఫొటోలో చంటిపిల్ల ఎవరో చూడు. ఒళ్లో ఉన్నది నువ్వా, తమ్ముడా అన్నది తెలిస్తే ఏడాది దొరికినట్టే. అట్టకి అతుక్కుపోయిన ఫొటోని పీకొద్దు, చిరుగుతుంది. ఆల్బమ్‌లోనే ఉంచి, పగటి వెలుతురులో ఫ్లాష్ లేకుండా పైనుంచి నిటారుగా తీసుకో.

మొత్తం యాభై ఫొటోలు చాలు. మా పెద్దమ్మగారి షష్టిపూర్తికి నేను నూట ఇరవై పెట్టి, ఒక్కోదానికి మూడు సెకన్లు ఇచ్చాను. గ్రూప్ ఫొటో రాగానే "ఆ వెనకున్నది ఎవరే, సీతత్త కదూ" అనుకునేలోపే వెళ్లిపోయింది. ఆవిడ మొహంలో కలిగిన వెలితి నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒక ఫొటో కరుగుతూ ఇంకోటి తేలే మార్పు ఉంటుందే, క్రాస్ డిజాల్వ్ అంటారు, అది ఒక సెకను పెట్టు. అటొక సెకను ఇటొక సెకను ఆ మార్పుకే పోతుంది కాబట్టి ఆరు సెకన్లు ఇచ్చినా కంటికి స్పష్టంగా నిలిచేది నాలుగే. అందుకని మామూలు ఫొటోకి ఏడు, పదిమంది ఉన్నదానికి పది ఇవ్వు. మారే సెకను రెండు ఫొటోలకీ ఉమ్మడి కాబట్టి, యాభైలో పది గ్రూపులు ఉంటే అయిదున్నర నిమిషాలవుతుంది. తిరగడం, ఎగరడం, పేజీ మడత పడడం లాంటివేవీ వద్దు. పెద్దవాళ్ల కళ్లు ఆ కదలికని చూస్తాయి గానీ మనిషిని చూడవు.

పూర్తిగా నల్లబడి మళ్లీ తేలే మార్పు మాత్రం ఒక్కచోటే వాడు, అది మా అమ్మ ఫొటో తర్వాత. రెండు సెకన్లు నలుపు చాలు. దండ వేసిన పటం, ఆసుపత్రిలో తీసినది వద్దు. పెరట్లో గోరింటాకు రుబ్బుతూ నవ్వుతున్నది ఉంది, అది పెట్టు.

ఇక కింద రాసే మాటలు. "1994, అమ్మ, నాన్న, నేను" అని రాస్తే చూసేవాళ్లకి ముందే తెలిసినది మళ్లీ చెప్పినట్టు. ఫొటోలో కనపడనిది రాయాలి. అదే ఫొటోకి "ఈ చీరకి అమ్మ ఏడాది చిట్టీ కట్టింది" అని రాసి చూడు. ఇలాంటివి నీకు తెలియవు, అమ్మనే అడగాలి. ఫొటోలు పాడవకుండా ఫోన్లోకి ఎక్కిస్తున్నానని చెప్పి ఒక మధ్యాహ్నం పక్కన కూర్చో, ఆమె మాట్లాడుతుంటే రికార్డు చేసుకో. నాన్నని వేరేగా అడుగు. ఇద్దరూ ఒకేచోట ఉంటే ఆయన మాట్లాడరు. అన్నిటికీ రాయకు, ఇరవై ఫొటోలకి చాలు. ఎనిమిది మాటలు దాటకుండా చూసుకో.

తెలుగు అక్షరాలతో ఒక జాగ్రత్త. కొన్ని యాప్‌లలో ఒత్తులు విడిపోతాయి. ముందుగా "అత్తయ్య", "పెళ్లి" అని టైపు చేసి చూడు. అవి సరిగ్గా వస్తే మిగతావీ చాలామటుకు వస్తాయి. ఒత్తు కిందికి దిగుతుంది కాబట్టి వరసని తెర అంచుకి ఆనించకు, కింద ఒక వరస ఎత్తు ఖాళీ వదులు. మధుపర్కాల మీద తెల్లని అక్షరాలు కలిసిపోతాయి, వెనక పల్చని నల్ల పట్టీ వెయ్యి. పూర్తయ్యాక హాల్లో పెట్టే టీవీ మీదే ఒకసారి వేసి, చివరి వరస కుర్చీలోంచి చదివి చూడు.

నిలువు ఫొటోలని అడ్డంగా సాగదీయకు, పక్కలు నల్లగా ఉన్నా పరవాలేదు.

మొదటి ఫొటో చోటు ఖాళీగా ఉంచు. అప్పగింతలప్పుడు బండి కిటికీలోంచి అమ్మ వెనక్కి చూస్తున్నది ఒకటి నేను తీశాను. ఆల్బమ్‌లో లేదు, నెగెటివ్ నా దగ్గరే ఉంది. ఆదివారంలోగా ప్రింటు వేయించి పంపుతాను.

మీ మావయ్య