నెల మధ్యలో చేరితే మొదటి పే స్లిప్ ఎందుకు తగ్గుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో జులై 14న చేరింది. ఏడాదికి 4 లక్షల 20 వేలు, అంటే నెలకు 35 వేలు అన్నారు. నెలాఖరుకి 17,420 రూపాయలే పడ్డాయి. 18 రోజులకి 20 వేలు దాటాలి కదా? పైగా పే స్లిప్‌లో ఎల్‌ఓపీ 13 అని ఉంది. తను ఒక్క రోజు కూడా సెలవు పెట్టలేదు. అదే కంపెనీలో 28న చేరిన తన స్నేహితురాలికైతే అసలేమీ పడలేదు. వీళ్లు మోసం చేస్తున్నారా?

జవాబు: మీరు పంపిన ఆఫర్ లెటర్, పే స్లిప్ పక్కపక్కన పెట్టి చూశాను. మోసమేమీ లేదు, లెక్క రూపాయితో సహా సరిపోయింది. తేడా ఎక్కడొచ్చిందో తెలిస్తే ఆగస్టు పే స్లిప్ వచ్చినప్పుడు మీరే సరిచూసుకోగలరు.

ముందు ఆ 35 వేల సంగతి. ఆఫర్ లెటర్‌లో ఉన్న 4,20,000 సీటీసీ, అంటే మీ అమ్మాయి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. లెటర్ చివర అనుబంధంలో ఉన్న పట్టిక చూడండి. నెలకు 35,000లో కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టే 842 కూడా కలిసే ఉన్నాయి. బేసిక్ 17,500లో 4.81 శాతం ఆ గ్రాట్యుటీ. ఈ రెండూ ఏ నెలా జీతంగా చేతికి రావు. అవి తీసేస్తే మిగిలేది 32,358. దీన్నే గ్రాస్ అంటారు. అందులో బేసిక్ 17,500, ఇంటి అద్దె అలవెన్స్ 7,000, స్పెషల్ అలవెన్స్ 7,858. పే స్లిప్ లెక్క మొదలయ్యేది ఈ 32,358 దగ్గరే. మీరు 35,000 దగ్గర మొదలుపెట్టారు కాబట్టే 20 వేలు దాటాలనిపించింది.

ఇక రోజుల లెక్క. జులైలో 31 రోజులు. 14 నుంచి 31 వరకు, రెండు తేదీలూ కలిపితే 18 రోజులు. ఈ కంపెనీ క్యాలెండర్ రోజుల పద్ధతి వాడుతోంది కాబట్టి మధ్యలో వచ్చిన శని, ఆదివారాలకూ జీతం ఉంది. గ్రాస్‌లోని ప్రతి భాగాన్నీ 31తో భాగించి 18తో గుణించారు. బేసిక్ 10,161, అద్దె అలవెన్స్ 4,065, స్పెషల్ అలవెన్స్ 4,563 వచ్చాయి. మొత్తం 18,789. ఇందులోంచి మీ అమ్మాయి వాటా పీఎఫ్ 1,219 తీశారు. ఈ నెల వచ్చిన బేసిక్ 10,161లో 12 శాతం అది. వృత్తి పన్ను మరో 150. మిగిలింది 17,420.

మీరు లెక్కగట్టిన 20,323కీ, వచ్చిన 17,420కీ మధ్య తేడా 2,903. అందులో 1,534 కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీలకు 18 రోజుల భాగం. 1,219 మీ అమ్మాయి పీఎఫ్, 150 వృత్తి పన్ను. పీఎఫ్ పేరుతో కోసింది ఎక్కడికీ పోలేదు, ఆమె ఖాతాలోనే జమవుతుంది.

వృత్తి పన్ను దగ్గర ఒక చిన్న విషయం గమనించండి. తెలంగాణలో నెల జీతం 15,000 వరకు ఈ పన్ను లేదు. 15,001 నుంచి 20,000 వరకు 150, ఆపైన 200. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇవే శ్లాబులు. జులైలో వచ్చిన మొత్తం 18,789 కాబట్టి 150 పట్టారు. ఆగస్టులో 200 పడుతుంది. అది చూసి కోత పెంచేశారనుకోవద్దు. ఆదాయపు పన్ను గడి ఖాళీగా ఉండటమూ సరైనదే. కొత్త పన్ను విధానంలో ఈ జీతానికి పన్ను పడదు.

ఎల్‌ఓపీ 13 చూసి చాలామంది తల్లిదండ్రులు కంగారు పడతారు. ఎల్‌ఓపీ అంటే జీతం లేని రోజులు. కొన్ని పేరోల్ సాఫ్ట్‌వేర్‌లు నెలంతటినీ లెక్కలోకి తీసుకుని, చేరకముందు రోజులను కూడా అదే గడిలో వేస్తాయి. జులై 1 నుంచి 13 వరకు సరిగ్గా 13 రోజులు. అంటే గైర్హాజరు ఒక్కటీ లేదు. అక్కడ 14 గానీ 15 గానీ ఉంటేనే అడగాలి. అలా ఉంటే ముందు పే స్లిప్ పైభాగంలో ఉన్న చేరిన తేదీ చూడండి. సోమవారం రిపోర్ట్ చేసినా, సర్టిఫికెట్ల పరిశీలన బుధవారం పూర్తయిందని చేరిన తేదీని 16గా నమోదు చేసే హెచ్ఆర్‌లు ఉన్నారు. అక్కడే రెండు రోజుల జీతం పోతుంది. తర్వాత అనుభవాన్ని లెక్కించేటప్పుడు కూడా ఆ తేదీయే చూస్తారు. కాబట్టి మొదటి నెలలోనే సరిచేయించుకోవాలి.

అన్ని కంపెనీలూ ఇలాగే లెక్కిస్తాయా అంటే, లేదు. కొన్ని ఏ నెలనైనా 30 రోజులుగానే తీసుకుంటాయి. చేరకముందు 13 రోజులు తీసేసి 17 రోజులకు ఇస్తే 18,336 వచ్చేది. ఇంకొన్ని పనిదినాలే లెక్కేస్తాయి. ఆ జులైలో శని, ఆదివారాలు పోను 23 పనిదినాలు, 14 నుంచి చూస్తే 14. ఆ పద్ధతిలో 19,696 వచ్చేది. ఒకే జీతం, ఒకే తేదీ, అయినా పద్ధతిని బట్టి వెయ్యికి పైగా తేడా. అందుకే వేరే కంపెనీలో చేరిన క్లాస్‌మేట్ పే స్లిప్‌తో పోల్చి లాభం లేదు. కంపెనీ పాలసీలో ఏ పద్ధతి ఉందో హెచ్ఆర్‌ని అడిగితే చెబుతారు. చేరినవాళ్లకు ఒక పద్ధతి, మానేసినవాళ్లకు ఇంకో పద్ధతి వాడుతుంటే మాత్రం ప్రశ్నించాల్సిందే.

ఇప్పుడు స్నేహితురాలి విషయం. జీతం నెలాఖరున పడినా దాని లెక్క చాలా ముందే మొదలవుతుంది. ప్రతి కంపెనీకీ ఒక కటాఫ్ తేదీ ఉంటుంది. సాధారణంగా 20 నుంచి 25 మధ్య ఉంటుంది. ఆ రోజుకల్లా కొత్తగా చేరినవాళ్ల వివరాలు, హాజరు, సెలవులు, బ్యాంకు ఖాతా నంబర్లు పేరోల్ వాళ్లకు అందాలి. ఆ తర్వాత కోతలు లెక్కగట్టి, పైవాళ్ల ఆమోదం తీసుకుని, బ్యాంకుకు జాబితా పంపుతారు. 28న చేరిన అమ్మాయి పేరు ఆ జాబితాలో ఉండే అవకాశమే లేదు. ఆమె జీతమూ మీ అమ్మాయి జీతమంతే అయితే, ఆమెకు జులై 28 నుంచి 31 వరకు నాలుగు రోజుల జీతం 4,175 ఆగస్టు జీతంతో కలిపి ఎరియర్స్‌గా వస్తుంది. 32,358కి అది కలిస్తే గ్రాస్ 36,533. అందులోంచి ఆగస్టు పీఎఫ్ 1,800, ఆ నాలుగు రోజుల పీఎఫ్ 271, వృత్తి పన్ను 200 పోతే చేతికి 34,262 రావాలి. ఆగస్టు పే స్లిప్‌లో ఎరియర్స్ అనే వరుస విడిగా కనిపించాలని ఆమెకు చెప్పండి. అది లేకపోతే ఆ నాలుగు రోజులు మరుగున పడ్డట్టే. అడగకపోతే ఎవరికీ గుర్తుండదు.

కటాఫ్‌లోపే చేరినా జీతం ఆగిపోయే సందర్భం ఇంకొకటి ఉంది. శాలరీ అకౌంట్ తెరవడం ఆలస్యమైనా, ఆధార్‌లో పేరు ఒకలా, పాన్‌లో ఇంకోలా ఉన్నా ఉద్యోగి రికార్డు అసంపూర్తిగా ఉండిపోయి ఆ నెల జీతం హోల్డ్‌లో పడుతుంది. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంతో ఉండటం మన దగ్గర మామూలే కాబట్టి ఈ చిక్కు మనవాళ్లకు తరచూ ఎదురవుతుంది. హోల్డ్‌లో పడ్డ డబ్బు పోదు, కానీ వివరాలు సరిచేసే పని మనమే వెంటపడి చేయించుకోవాలి.

కొన్ని సంస్థల్లో హాజరు నెల వేరేగా నడుస్తుంది. గత నెల 21 నుంచి ఈ నెల 20 వరకు లెక్క. అలాంటి చోట చేరి ఉంటే మీ అమ్మాయికి జులైలో 14 నుంచి 20 వరకు ఏడు రోజుల జీతమే వచ్చేది, మిగతా 11 రోజులు ఆగస్టు లెక్కలోకి వెళ్లేవి. ఇక్కడ ఆ పద్ధతి లేదు, 18 రోజులకూ ఇచ్చేశారు. అయితే 21 నుంచి 31 వరకు హాజరవుతుందన్న నమ్మకంతో ముందుగానే లెక్కగట్టిన జీతం ఇది. కటాఫ్ తర్వాత జీతం లేని సెలవు ఏదైనా పెట్టి ఉంటే ఆ కోత ఆగస్టులో కనిపిస్తుంది.

పే స్లిప్ సరిగా ఉందో లేదో తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఈ నెల వచ్చిన బేసిక్‌ని పూర్తి బేసిక్‌తో భాగించండి. అద్దె అలవెన్స్‌నీ, స్పెషల్ అలవెన్స్‌నీ అలాగే చేయండి. మూడింటికీ 0.58 రావాలి, 18ని 31తో భాగిస్తే వచ్చేదీ అంతే. ఒక్క దానికి వేరే అంకె వస్తే పొరపాటు అక్కడే ఉంది. ఇంకో పొరపాటు ఈఎస్ఐ దగ్గర జరుగుతుంది. నెల జీతం 21,000 వరకు ఉన్నవాళ్లకే ఈఎస్ఐ. మీ అమ్మాయి పూర్తి జీతం అంతకంటే ఎక్కువ. కానీ మొదటి నెలలో వచ్చిన 18,789 చూసి సాఫ్ట్‌వేర్ 0.75 శాతం, అంటే 141 రూపాయలు, కోసే ప్రమాదం ఉంది. అర్హతకు చూడాల్సింది పూర్తి నెల జీతాన్ని. మీ పే స్లిప్‌లో ఆ కోత లేదు, మంచిదే.

ఎప్పుడైనా తేడా కనబడితే ఫోన్‌లో వాదించడం కంటే పేరోల్ విభాగానికి మెయిల్ పెట్టించండి. ఎంప్లాయీ ఐడీ, చేరిన తేదీ, పే స్లిప్‌లో ఉన్న రోజులు, తన లెక్కలో రావలసిన రోజులు, ఏ వరుసలో ఎంత తేడా ఉందో నాలుగు వాక్యాల్లో రాస్తే చాలు. తర్వాతి కటాఫ్‌కి కనీసం మూడు నాలుగు రోజుల ముందు పంపాలి. అది దాటితే సవరణ ఇంకో నెల వెనక్కి పోతుంది.

ఆగస్టులో మీ అమ్మాయికి రావలసింది 30,358. గ్రాస్ 32,358లోంచి పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోగా మిగిలేది అంత. బేసిక్ 17,500 అయినా ఈ కంపెనీ 15,000 పరిమితి మీదే పీఎఫ్ లెక్కిస్తోంది కాబట్టి కోత 1,800 దగ్గర ఆగుతుంది. ఆరోగ్య బీమాలో మీ పేర్లు చేర్పిస్తే ఆ ప్రీమియం కూడా ఇందులోంచే పోవచ్చు. ఆ జీతం పడేది ఆగస్టు నెలాఖరున. అప్పటిదాకా హాస్టల్ అద్దె, ప్రయాణం, తిండి అన్నీ ఈ 17,420తోనే గడవాలి కాబట్టి, హాస్టల్‌కి అడ్వాన్స్ ఇంకా కట్టాల్సి ఉంటే ఈ ఒక్క నెలకీ ఇంటి నుంచి కొంత సర్దండి.