గైడ్ కోసం ఇచ్చిన ఈమెయిల్‌కు న్యూస్‌లెటర్ పంపొచ్చా?

ప్రశ్న: విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర విదేశీ చదువుల కన్సల్టెన్సీ నడుపుతున్నాను. అప్లికేషన్‌కు కాగితాలు ఎలా సిద్ధం చేసుకోవాలో చెప్పే 20 పేజీల గైడ్ ఉచితంగా ఇచ్చి, ఈమెయిల్ తీసుకుని, వారం వారం న్యూస్‌లెటర్ పంపాలని ఆలోచన. ఫారం కింద చిన్న అక్షరాల్లో ‘సబ్మిట్ నొక్కితే మా నిబంధనలకు ఒప్పుకున్నట్టే’ అని పెడితే చాలని వెబ్‌సైట్ చేసే అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? పోయినేడు ఎడ్యుకేషన్ ఫెయిర్‌లో రిజిస్టర్‌లో రాయించుకున్న 1,400 ఈమెయిళ్లు కూడా ఉన్నాయి. వాటికీ పంపొచ్చా?

జవాబు: చాలదండీ. ఆ వాక్యం ఉన్నా లేనట్టే లెక్క.

మీకు వర్తించేది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. దాని రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి. నోటీసు, సమ్మతికి సంబంధించిన ముఖ్య బాధ్యతలు మొదలవడానికి 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే. కాబట్టి రేపే జరిమానా పడుతుందన్న టెన్షన్ అక్కర్లేదు. కానీ ఈరోజు చేర్చుకున్న పేర్లు అప్పటికీ మీ జాబితాలోనే ఉంటాయి. పాత సమ్మతి ఉన్నవాళ్లకు కూడా చట్టం మొదలయ్యాక వీలైనంత త్వరగా నోటీసు పంపాలని సెక్షన్ 5 చెబుతోంది. అసలు సమ్మతే లేని పేర్లకు ఆ దారి కూడా లేదు.

ఇక అసలు విషయం. మీరు ఒక్క ఈమెయిల్‌తో రెండు పనులు చేస్తున్నారు: గైడ్ ఇవ్వడం, వారం వారం ఉత్తరం పంపడం. చట్టం ఈ రెండింటినీ వేర్వేరుగా చూస్తుంది. సెక్షన్ 7లో చట్టమే ఒక ఉదాహరణ ఇచ్చింది. మందుల షాపులో కొన్నావిడ రసీదు ఫోన్‌కు పంపమని తనంతట తానే నంబరు ఇస్తుంది. షాపు ఆ నంబరును రసీదు పంపడానికి వాడుకోవచ్చు. గైడ్ కోసం ఈమెయిల్ ఇచ్చిన కుర్రాడి సంగతీ అంతే. గైడ్ పంపడానికి ఇబ్బంది లేదు. న్యూస్‌లెటర్‌కు మాత్రం సెక్షన్ 6 కింద విడిగా సమ్మతి కావాలి. అది స్వేచ్ఛగా, షరతు లేకుండా, ఫలానా పనికని తెలిసి, స్పష్టమైన చర్యతో ఇచ్చినదై ఉండాలి. ‘టిక్కు పెట్టకపోతే గైడ్ రాదు’ అంటే అది షరతే అవుతుందని నా అభిప్రాయం. టిక్కు పెట్టనివాళ్లకూ గైడ్ ఇచ్చేయండి. మీకు పేర్లు తగ్గుతాయి, నిజమే. కానీ మిగిలేది మీ ఉత్తరం చదవాలనుకున్నవాళ్లు.

ఫారంలో పేరు, ఈమెయిల్ చాలు. ఫోన్ నంబరు అడగొద్దు, పీడీఎఫ్ పంపడానికి ఫోన్‌తో పని లేదు. దాని కింద ఖాళీ గడి ఒకటి పెట్టి, పక్కన ఇలా రాయండి:

‘మీ పేరు, ఈమెయిల్ గైడ్ పంపడానికి మాత్రమే వాడతాం. విదేశీ అడ్మిషన్లు, స్కాలర్‌షిప్‌లు, మా కౌన్సెలింగ్ సేవల గురించి వారానికో ఈమెయిల్ కూడా పంపాలంటే ఈ గడిలో టిక్కు పెట్టండి. పెట్టకపోయినా గైడ్ వస్తుంది. ప్రతి ఈమెయిల్ చివర ఉన్న లింకు నొక్కి ఎప్పుడైనా ఆపేయవచ్చు.’

‘మా కౌన్సెలింగ్ సేవల గురించి’ అన్న ముక్క తీసేయకండి. మీరు చివరికి పంపేది ప్రచారమే కదా, అది ముందే చెప్పాలి. పక్కనే నోటీసు లింకు ఇవ్వండి. ఏ వివరాలు, ఎందుకు తీసుకుంటున్నారు, సమ్మతి ఎలా వెనక్కి తీసుకోవాలి, మీకూ డేటా ప్రొటెక్షన్ బోర్డుకూ ఎలా ఫిర్యాదు చేయాలి అన్నవి అందులో ఉండాలి. వేరే ఏదీ చదవకుండానే అర్థమయ్యేలా, నిబంధనల పేజీలో కలపకుండా విడిగా ఉండాలి. ఇంగ్లిష్‌లోనో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లోనో చదువుకునే వీలివ్వాలి కాబట్టి తెలుగులోనూ పెట్టండి.

గడి ముందే టిక్కు పెట్టి ఉండకూడదు. మీ వెబ్‌సైట్ అబ్బాయికి ఇది చూపించండి. ఇందులో `checked` అన్న మాట కనిపించకూడదు:

```
<input type="checkbox" name="newsletter" value="yes">
```

ఇప్పుడు నాకు ఎక్కువ భయం కలిగించే భాగం. సమ్మతి తీసుకున్నామని రుజువు చేయాల్సింది మీరే, సెక్షన్ 6 ఆ భారం మీ మీదే పెట్టింది. ఒకటి అనుకోండి: గుంటూరు కుర్రాడు ఒకడు సరదాకి స్నేహితుడి ఈమెయిల్ కొట్టాడు. ఆ స్నేహితుడు ‘నేనెప్పుడు అడిగాను?’ అని నిలదీశాడు. మీ దగ్గర ఎక్సెల్‌లో పేరు తప్ప ఏమీ లేదు. అక్కడితో మీ వాదన అయిపోయింది.

దీనికే న్యూస్‌లెటర్లు పంపే Mailchimp లాంటి టూల్స్‌లో Double opt-in అనే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే, ఫారం నింపిన మనిషికి ముందు ఒక నిర్ధారణ ఈమెయిల్ వెళ్తుంది. అందులోని బటన్ నొక్కితేనే జాబితాలో చేరతారు. పైన చెప్పిన స్నేహితుడు నొక్కడు, కాబట్టి చేరడు. నొక్కినవాళ్ల విషయంలో, జాబితాను ఎక్స్‌పోర్ట్ చేస్తే `OPTIN_TIME`, `CONFIRM_TIME`, `CONFIRM_IP` అనే గడులు కనిపిస్తాయి. అదే మీ రుజువు. అయితే ఆరోజు మీ ఫారంలో ఏ మాటలు ఉన్నాయో అక్కడ కనిపించదు. వాక్యం మార్చిన ప్రతిసారీ స్క్రీన్‌షాట్ తీసి, తేదీ వేసి దాచండి. టిక్కు పెట్టనివాళ్లను ఈ జాబితాలోకే పోనివ్వకండి. వాళ్లకు ఫారం తర్వాతి పేజీలోనే డౌన్‌లోడ్ బటన్ చూపిస్తే సరి, ఈమెయిల్ దాచుకోవాల్సిన పనే ఉండదు.

ఆపేయడం, చేరినంత సులువుగా ఉండాలి. Mailchimpలో ఆపేసే లింకుగా మారే కోడ్ `*|UNSUB|*` ఈమెయిల్ అడుగున ఉందో లేదో చూడండి. టెస్ట్ ఈమెయిల్‌లో ఆ లింకు పనిచేయదు, కాబట్టి మీ ఈమెయిల్‌నూ జాబితాలో చేర్చి, నిజంగా పంపిన ఈమెయిల్‌లో నొక్కి చూడండి. ‘ఆపాలంటే ఆఫీసుకు ఫోన్ చేయండి’ అన్నది కుదరదు. ఇక్కడ జరిగే పొరపాటు ఇది: రెండేళ్ల తర్వాత టూల్ మారుస్తారు, పాత ఎక్సెల్ ఎక్కిస్తారు, వద్దన్నవాళ్లందరికీ మళ్లీ ఈమెయిల్ వెళ్తుంది. మార్చేటప్పుడు వద్దన్నవాళ్ల జాబితానే ముందు తీసుకెళ్లండి.

మీ పనిలో ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఇంటర్ పిల్లలు. 18 నిండనివాళ్లు చట్టం దృష్టిలో పిల్లలే. తల్లిదండ్రుల సమ్మతిని, అదీ నిర్ధారించుకోగలిగేలా, తీసుకోవాలి. వాళ్ల ప్రవర్తనను గమనించడం, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు పంపడం నిషేధం. ఎవరు ఈమెయిల్ తెరిచారు, ఏ లింకు నొక్కారు అని టూల్ లెక్కపెట్టే పద్ధతి కూడా ఆ గమనించడంలోకే వస్తుందని నేననుకుంటాను. పిల్లల నిబంధన ఉల్లంఘనకు గరిష్ఠ జరిమానా 200 కోట్లు. చిన్న ఆఫీసుకు అంత వేస్తారని కాదు, చట్టం దీన్ని ఎంత తీవ్రంగా చూస్తుందో చెప్పడానికి అంటున్నాను. పుట్టినతేదీ అడగొద్దు. ‘మీకు 18 నిండాయా?’ అన్న ప్రశ్న ఒకటి చాలు. నిండలేదంటే ఈమెయిల్ తీసుకోకుండా పేజీలోనే గైడ్ ఇచ్చేయండి, వాళ్ల నాన్నగారో అమ్మగారో తమ ఈమెయిల్‌తో చేరితే చేరతారు.

టూల్ ఖాతా మీ కన్సల్టెన్సీ పేరు మీదే ఉండాలి, వెబ్‌సైట్ అబ్బాయి సొంత జీమెయిల్ మీద కాదు. టూల్ కంపెనీ పొరపాటు చేసినా చట్టం ముందు బాధ్యులు మీరే.

ఆ 1,400 విషయానికి రిజిస్టర్ తీసి పై వరస చదవండి. ‘అడ్మిషన్ల సమాచారం ఈమెయిల్‌లో పంపండి’ లాంటి మాట ఉంటే, ఆ పేజీల ఫొటో భద్రపరచి, మొదటి ఈమెయిల్‌లోనే నోటీసూ ఆపేసే లింకూ ఇచ్చి పంపొచ్చు. ఉత్త ‘పేరు, ఊరు, ఫోన్, ఈమెయిల్’ అని ఉంటే అది సందర్శకుల పుస్తకమే, టూల్‌లోకి ఎక్కించకండి. చట్టం సంగతి అటుంచినా, జీమెయిల్‌కు పంపేవాళ్లకు స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం లోపే ఉండాలని గూగుల్ గీత గీసింది. 1,400 మందిలో ఐదుగురు స్పామ్ నొక్కినా ఆ గీత దాటినట్టే. తర్వాత మీరు ఒప్పుకున్నవాళ్లకు పంపినవి కూడా స్పామ్‌లోకి పోయే ప్రమాదం ఉంది.