టెక్ సందేహాలు: చేతిలో డబ్బు పెరిగినంత మాత్రాన అదంతా మిగులేనా?

ప్రశ్న: మా ఆటల క్లబ్బుకు నేను కోశాధికారిని. ఎక్సెల్‌లో వసూళ్లు–చెల్లింపుల ఖాతా వేశాను, షీటు జత చేశాను. ఏడాది మొదట్లో 18,000, చివర్లో 67,400 ఉన్నాయి. 49,400 మిగులు అని చూపిస్తే లెక్కలు చూసేవారు ఒప్పుకోలేదు, ఆదాయ–వ్యయాల ఖాతా కావాలన్నారు. మళ్లీ మొదటి నుంచి రాయకుండా ఈ షీటుతోనే అది వస్తుందా?

జవాబు: వస్తుంది. మీ ఖాతా నగదు రాకపోకలను మాత్రమే చూపుతుంది, ఆదాయ–వ్యయాల ఖాతాలో ఈ ఏడాదికి చెందిన రాబడి, ఖర్చులే ఉంటాయి. మీ షీటును ముట్టుకోకుండా పక్కన ఇంకో షీటు తెరవండి. పాత షీటులోని పద్దులన్నీ అందులోకి తెచ్చుకోండి. మొదటి నిల్వ 18,000, చివరి నిల్వ 67,400 మాత్రం తేవద్దు. అవి నగదు లెక్కకు చెందినవి, ఆదాయమూ కాదు, వ్యయమూ కాదు.

కొత్త షీటులో ఎనిమిది కాలమ్‌లు చాలు. A లో పద్దు పేరు, B లో ఈ ఏడాది చేతులు మారిన నగదు. C లో ఏడాది మొదటికి ఉన్న బకాయి, D లో ఏడాది చివరికి ఉన్న బకాయి. E లో ఏడాది మొదటికి ఉన్న ముందస్తు, F లో ఏడాది చివరికి ఉన్న ముందస్తు. G లో ఈ ఏడాదికి చెందిన అసలు మొత్తం వస్తుంది. రెండో వరుసలో G2 దగ్గర ఈ సూత్రం రాసి కిందికి లాగండి:

```
=B2-C2+D2+E2-F2
```

ఆదాయానికీ వ్యయానికీ ఇదే సూత్రం సరిపోతుంది. చాలామంది రెండింటికీ వేర్వేరు సూత్రాలు రాసుకుని ఎక్కడో ఒకచోట గుర్తు తారుమారు చేస్తారు, ఆ అవసరమే లేదు. ఆదాయమైతే బకాయి అంటే మనకు రావలసింది, ముందస్తు అంటే ముందే మన చేతికొచ్చింది. వ్యయమైతే బకాయి అంటే మనం ఇవ్వవలసింది, ముందస్తు అంటే మనం ముందే కట్టేసింది. పాత బకాయి కింద ఈ ఏడాది కదిలిన డబ్బు ఈ ఏడాదిది కాదు కాబట్టి తీసేస్తాం. ఇంకా కదలని ఈ ఏడాది బకాయిని కలుపుతాం. ముందస్తుల సంగతి దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. బంతులు, షటిల్ కాక్‌ల సరుకు నిల్వను కూడా ముందస్తుగానే చూడండి: మొదటి నిల్వ E లో, చివరి నిల్వ F లో.

H లో ఒక్క అక్షరం రాయండి: ఆదాయానికి I, వ్యయానికి E, ఈ రెంటిలోకీ రాని మూలధన పద్దుకు C. మీ అంకెలతో షీటు ఇలా ఉంటుంది:

| A పద్దు | B | C | D | E | F | G | H |
|---|---|---|---|---|---|---|---|
| చందాలు | 98,400 | 7,200 | 9,600 | 2,400 | 7,200 | 96,000 | I |
| హాలు అద్దె | 12,000 | | | | | 12,000 | I |
| కాపలాదారు జీతం | 65,000 | 5,000 | | | | 60,000 | E |
| బీమా | 6,000 | | | | 3,000 | 3,000 | E |
| బంతులు, షటిళ్లు | 14,000 | | | 2,000 | 3,500 | 12,500 | E |
| కరెంటు | 9,000 | | | | | 9,000 | E |
| తరుగుదల | | | | | | 5,000 | E |
| పాత బల్ల అమ్మకంలో నష్టం | | | | | | 1,000 | E |
| భవన నిధికి విరాళం | 50,000 | | | | | 50,000 | C |
| కొత్త టేబుల్ టెన్నిస్ బల్ల | 20,000 | | | | | 20,000 | C |
| పాత బల్ల అమ్మకం | 3,000 | | | | | 3,000 | C |

మిగులు కోసం కింద ఒక ఖాళీ సెల్‌లో ఇది రాయండి:

```
=SUMIFS(G2:G12,H2:H12,"I")-SUMIFS(G2:G12,H2:H12,"E")
```

ఆదాయం 1,08,000, వ్యయం 90,500. మిగులు 17,500. మీరు చూపిన 49,400 ఇంత పెద్దదిగా కనిపించడానికి మొదటి కారణం 50,000 విరాళం. ఫలానా పనికే అని దాత ఇచ్చిన డబ్బు ఆ నిధి పేరుతో ఆస్తి–అప్పుల పట్టీలో ఉండాలి. రోజువారీ ఖర్చుల మీద మిగిలిన మొత్తంలో దాన్ని కలిపితే, ఆ డబ్బు ఇష్టమొచ్చినట్టు ఖర్చు పెట్టుకోవచ్చని సభ్యులు అనుకునే ప్రమాదం ఉంది. ఏ షరతూ లేకుండా వచ్చే చిన్నపాటి సాధారణ విరాళమైతే I వేయవచ్చు.

జీతం వరుసలో 65,000 ఎందుకు 60,000 అయిందో చూడండి. నెలకు 5,000 చొప్పున ఈ ఏడాది పదమూడు నెలల జీతం ఇచ్చారు. అందులో ఒక నెలది నిరుటి బాకీ. బీమా పన్నెండు నెలలకు కట్టారు, ఏడాదిలో ఆరు నెలలే గడిచాయి కాబట్టి సగం F లోకి వెళ్లింది.

ఇప్పుడు చందాల దగ్గర కాసేపు ఆగాలి. క్లబ్బు లెక్కల్లో ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. మీ సభ్యుల పట్టిక ప్రకారం 80 మంది, తలా 1,200. నిరుటి బకాయి ఆరుగురిది, 7,200. వారిలో అయిదుగురు ఈ ఏడాది కట్టేశారు, ఒకరు ఇంకా కట్టలేదు. ఈ ఏడాది చందా 71 మంది కట్టారు, ఇద్దరు నిరుడే ముందుగా కట్టి ఉన్నారు, ఏడుగురు బాకీ. ఆరుగురు వచ్చే ఏడాది చందా కూడా ఇచ్చేశారు. మరి D లో ఎంత రాయాలి? ఏడుగురిది 8,400 అని రాసేస్తారు చాలామంది. కానీ నిరుటి నుంచి నిలిచిపోయిన ఆ ఒక్కరి 1,200 కూడా ఏడాది చివరికి రావలసిన బకాయే. C లో మొత్తం 7,200 తీసేశాం కాబట్టి, అందులో రాని భాగం D లో తిరిగి చేరాలి. సరైన అంకె 9,600.

అక్కడ 8,400 రాస్తే చందా ఆదాయం 94,800 వస్తుంది, మిగులు 1,200 తగ్గుతుంది. ఆస్తుల్లో బకాయిని కూడా 8,400గానే చూపిస్తారు కాబట్టి అక్కడా 1,200 తగ్గుతుంది. రెండు వైపులా సమానంగా తగ్గడంతో పట్టీ చక్కగా కుదురుతుంది, తప్పు మాత్రం లోపలే ఉండిపోతుంది. దాన్ని పట్టేది విడిగా చేసే ఒక్క గుణకారమే:

```
=G2-80*1200
```

జవాబు సున్నా రావాలి. రాకపోతే వచ్చిన తేడాను 1,200తో భాగించండి, ఎంతమంది లెక్క తప్పిందో తెలుస్తుంది. ఏడాది మధ్యలో చేరినవారికి తక్కువ చందా ఉంటే వారిని విడిగా గుణించి కలుపుకోవాలి. ఆ నిరుటి 1,200 ఇక రాదని కమిటీ తీర్మానిస్తే D ని మార్చకండి. ‘రాని చందా’ అని వ్యయంలో ఒక వరుస చేర్చి 1,200 వేయండి, ఆస్తుల్లో బకాయిని 8,400గా చూపండి, వచ్చే ఏడాది షీటు C లోనూ 8,400 వేయండి. అప్పుడు సభ్యులకు ఎంత వదులుకున్నామో కనబడుతుంది.

బల్లల సంగతికి వస్తే, కొన్న 20,000 మొత్తం ఈ ఏడాది ఖర్చు కాదు. అది చాలా ఏళ్లు పనికొస్తుంది, ఏటా అరిగినంతే వ్యయం. మీ క్లబ్బు తరుగుదల రేటు ఏడాదికి 10 శాతం, కొత్త బల్ల ఆరు నెలలే వాడారు. పాత సామాను విలువ ఏడాది మొదట్లో 44,000, అందులో 4,000 విలువైన బల్లను ఏడాది మొదట్లోనే 3,000కు అమ్మేశారు. కాబట్టి తరుగుదల, నష్టం వరుసల్లో G సెల్‌లలో సాధారణ సూత్రం బదులు ఇవి ఉండాలి:

```
=40000*10%+20000*10%*6/12
=4000-3000
```

ఈ రెండు సెల్‌లకు రంగు వేసుకోండి. పైనున్న సూత్రాన్ని ఎప్పుడైనా మళ్లీ కిందికి లాగితే ఇవి చెరిగి సున్నా అయిపోతాయి, మిగులు 6,000 ఎక్కువ కనిపిస్తుంది. అమ్మగా వచ్చిన 3,000ను ఆదాయంలో వేయడం ఇంకో తరచు పొరపాటు. అక్కడ ఆదాయం ఏమీ రాలేదు, వెయ్యి పోయింది.

షీటు వల్ల వచ్చే చిక్కులు రెండు చెబుతాను. H లో E పక్కన ఖాళీ పడితే SUMIFS ఆ వరుసను వదిలేస్తుంది, ఏ హెచ్చరికా రాదు. H కాలమ్‌కు Data → Data Validation → List లో I,E,C అని పెట్టి, వాటి నుంచే ఎంచుకోండి. ముందే నింపిన వరుసలు అన్నీ లెక్కలోకి వచ్చాయో లేదో ఇలా చూడవచ్చు, మీ షీటుకు 11 రావాలి:

```
=COUNTIF(H2:H12,"I")+COUNTIF(H2:H12,"E")+COUNTIF(H2:H12,"C")
```

రెండోది, వేరే చోటి నుంచి అతికించిన అంకెలు ఒక్కోసారి అక్షరాలుగా ఉండిపోతాయి. SUM వాటిని కలపదు. అనుమానం వస్తే =ISTEXT(B2) రాసి చూడండి, TRUE వస్తే ఆ సెల్ ఫార్మాట్‌ను General కు మార్చి, అంకెను మళ్లీ చేత్తో కొట్టండి.

ఇక చివరి పరీక్ష. ఏడాది మొదటి ఆస్తులు: నగదు 18,000, చందా బకాయి 7,200, సరుకు 2,000, సామాను 44,000, మొత్తం 71,200. ఇందులోంచి ముందస్తు చందా 2,400, జీతం బాకీ 5,000 తీసేస్తే మూలధన నిధి 63,800. దీనికి మిగులు 17,500 కలిపితే 81,300. భవన నిధి 50,000, వచ్చే ఏడాది చందా 7,200 చేర్చండి: 1,38,500. అవతలి వైపు నగదు 67,400, బకాయి 9,600, సరుకు 3,500, ముందుగా కట్టిన బీమా 3,000, సామాను 55,000. అదీ 1,38,500. తేడా వచ్చి ఉంటే దాన్ని సగం చేసి ఆ అంకె ఏ పద్దులో ఉందో వెతకాలి. కలపాల్సిన చోట తీసేసినప్పుడు తేడా రెండింతలై కనిపిస్తుంది.

వచ్చే ఏడాది పని సగం ఇప్పుడే అయిపోయింది. షీటుకు ఇంకో కాపీ తీసి, ఈ ఏటి D ని కొత్త షీటు C లోకి, F ని E లోకి Paste Special → Values తో అతికించండి. B, D, F ఖాళీ చేయండి, రంగు వేసిన రెండు సెల్‌లలో కొత్త ఏడాది అంకెలు వేయండి. వచ్చే ఏడాది చందా కట్టిన ఆ ఆరుగురి 7,200 అప్పుడు E లో ఉండి, వారి ఆదాయం తగిన ఏడాదిలో చేరుతుంది.