కుందేలు కాలు కొడితే ముందు దాని చెవులు చూడండి

ప్రశ్న: అనంతపురంలో ఉంటాం. మా కుందేలు రోజూ అర్ధరాత్రి దాటాక వెనక కాళ్లతో బోను నేలను దబ్బుమని కొడుతోంది. పోయి చూస్తే ఏమీ కనపడదు. ఆకలికా?

ఆకలి కాదండీ, భయం. ఆకలేస్తే గిన్నె ఎత్తి పడేస్తుంది, జాలీ కొరుకుతుంది. మనం పెంచే కుందేలు యూరప్ జాతిది, బొరియల్లో గుంపుగా బతికే రకం. ఒకటి కాలు కొడితే ఆ అదురు మట్టిలో పాకి లోపలివాటికి అందుతుంది, బయట మేసేవి బొరియలోకి దూరతాయి. బోనులో ఒంటరిగా ఉన్నా ఆ అలవాటు పోదు.

మీరు బోనులోకి చూస్తున్నారు, అందుకే ఏమీ కనపడడం లేదు. ఒళ్లు బిగబట్టి, రెండు చెవులూ ఒకే దిక్కుకు నిక్కబొడిస్తే అటువైపు టార్చి వేయాలి. ఒక్కసారి కొట్టి, చెవులు వెనక్కి వాల్చి మీకు వీపు తిప్పిందంటే అది కోపం. ఎత్తుకున్నందుకో, గూడు సర్దినందుకో అలిగింది. భయంలో ఉన్నప్పుడు మాత్రం ఎత్తుకోకండి. గింజుకుని తంతే దాని వెన్నెముకే విరుగుతుంది.

బోను కాంపౌండు గోడను ఆనుకుని ఉంది, చెవులు కింది మూలకు తిరిగాయి అనుకుందాం. సాయంత్రం బోను చుట్టూ జానెడు వెడల్పున ముగ్గుపిండి పలచగా చల్లండి. చిన్న వేళ్ల గుర్తులు, మధ్యలో తోక గీత ఉంటే ఎలుక. గోళ్ల గుర్తు లేని గుండ్రటి అడుగులు పిల్లివి. అడుగులే లేక వంకర్లు తిరిగిన ఈడ్పు ఉంటే పాము. పిండి చెదరకుండా కాలు కొడుతుంటే గోడ మీదో రేకుల మీదో వెతకండి, లేదా ఆ వేళకు ఆన్ అయ్యే మోటారు చప్పుడేమో చూడండి.

మన ఎండాకాలంలో పాములు ఎక్కువగా రాత్రిపూట తిరుగుతాయి. రాలిన దాణాకు ఎలుక, ఎలుక కోసం పాము. అందుకే పొద్దుగూకేసరికి దాణా తీసేసి గడ్డి, నీళ్లే ఉంచండి. బోనును గోడకు అడుగు దూరం జరిపి, రెండున్నర అడుగుల ఎత్తున నిలపండి. కోళ్ల జాలీ పనికిరాదు, కన్నాలు పెద్దవి, ఎలుక కొరికేస్తుంది. అరంగుళం కన్నమున్న వెల్డింగు జాలీ వేయించండి.

అన్నట్టు, అమ్మేవాళ్లు బోను అడుగుభాగం కూడా తీగ జాలీతోనే చేసిస్తున్నారు, ఇది చాలా అన్యాయం. కుందేలు పాదానికి కుక్కకున్నట్టు మెత్త ఉండదు, వెంట్రుకలే. తీగ మీద నిలబడి నిలబడి అవి అరిగి మడమలు పుండ్లు పడతాయి, దానిమీదే కాలు కొడితే ఇంకా చెడుతుంది. సగం భాగానికి చెక్కపలక వేయండి.

గట్టిగా బెదిరిన రాత్రి తర్వాత పొద్దున పెంటికలు చూడండి. పన్నెండు గంటలుగా తిండి ముట్టక, పెంటికలు పడకపోతే పేగు కదలడం ఆగిందని అర్థం. ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాలి.