ఇంటర్ మ్యాథ్స్ 1ఏ పేపర్‌కు మూడు గంటలు ఎలా పంచుకోవాలి?

ప్రశ్న: తెలంగాణ ఇంటర్ మ్యాథ్స్ 1ఏ, 75 మార్కుల పేపర్. ప్రతిసారీ చివర్లో టైమ్ చాలడం లేదు. ఏ సెక్షన్‌కు ఎన్ని నిమిషాలు పెట్టుకోవాలి?

జవాబు: పరీక్ష తొమ్మిదింటికి మొదలవుతుంది అనుకుందాం. మొదటి 5 నిమిషాల్లో పేపరంతా చదివి, సెక్షన్ సీలో రాయబోయే అయిదు ప్రశ్నలకు టిక్ పెట్టుకోండి. 35 మార్కులు అక్కడే ఉన్నాయి కాబట్టి, బుర్ర తాజాగా ఉన్నప్పుడే ఆ సెక్షన్ రాయమంటాను. ఒక్కో ప్రశ్నకు 15 నిమిషాల చొప్పున 10:20కి అది అయిపోవాలి. తర్వాత సెక్షన్ బీలో అయిదు ప్రశ్నలు, ఒక్కోదానికి 9 నిమిషాలు, 11:05 అవుతుంది. సెక్షన్ ఏలో పది ప్రశ్నలకు తలా 3 నిమిషాలు చాలు. 11:35కి రాయడం పూర్తవుతుంది.

టైమ్ పోయేది ఎక్కువగా ఒక్క ఏడు మార్కుల లెక్క దగ్గరే. క్రామర్ పద్ధతిలో ఒక గుర్తు తప్పితే భిన్నాలు పెరిగిపోతాయి, మొదటి నుంచి మళ్లీ చేస్తూ అరగంట గడిచిపోతుంది. 18 నిమిషాలు దాటితే అర పేజీ ఖాళీ వదిలి ముందుకు వెళ్లండి. అప్పటిదాకా రాసిన స్టెప్పులను కొట్టేయకండి, వాటికీ మార్కులు ఉంటాయి.

మిగిలిన 25 నిమిషాల్లో 10 ఆ వదిలేసినదానికి. చివరి 15లో ముందు ప్రశ్న నంబర్లు సరిచూడండి. తర్వాత x, y, z విలువలను అసలు సమీకరణాల్లో పెట్టి చూడండి; తప్పుంటే అక్కడే తెలిసిపోతుంది.