‘చిక్కాడు’ సరే, ‘అడిగాడు’ మాటేమిటి?

సందేహం: ‘లంచం తీసుకుంటూ రెడ్ హ్యాండెడ్‌గా చిక్కిన అధికారి’ అని పేపర్లో చదివాం. కొన్నేళ్లకు ఆయన్నే కోర్టు నిర్దోషి అంది. చెయ్యి ఎర్రబడ్డాక కూడా ‘చిక్కినట్టు’ కాదా? ఆ మాటకు మంచి తెలుగు ఏది?

సమాధానం: ఇంగ్లీషు పలుకుబడిలోని ఎరుపు నెత్తురుది. మన వార్తల్లో అది వేరే రంగుతో కలిసిపోయింది. ఏసీబీ వాళ్లు ఫిర్యాదుదారు తెచ్చిన నోట్ల నంబర్లు రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు. అడిగితేనే ఇవ్వమని అతనికి చెప్పి పంపుతారు. డబ్బు చేతులు మారాక అధికారి వేళ్లను సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచుతారు. పొడి అంటి ఉంటే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్లను సీసాలో పోసి సీలు వేసి, మధ్యవర్తుల ముందు పంచనామా రాస్తారు.

ఆ రంగు చెప్పేది ఒక్కటే: ఈ చెయ్యి పొడిని తాకింది. ఎందుకు తాకిందో చెప్పదు. అధికారి ‘చేబదులు తిరిగిచ్చాడు’ అంటాడు, లేదా ‘వద్దంటున్నా చేతిలో కుక్కాడు’ అంటాడు. అందుకే ‘అడిగాడు’ అన్న క్రియ దగ్గరే కేసు నిలిచేదీ కూలేదీ. మరి లంచం అడిగేవాడు ‘లంచం’ అన్న మాట నోట రానిస్తాడా? ‘మా సంగతేంటి?’, ‘కాస్త చూసుకోండి’, ‘పైవాళ్లకీ ఇవ్వాలి కదా’ అంటాడు. ఒక్కోసారి ఏమీ అనడు, ఫైలు పక్కకు జరిపి కిటికీలోంచి చూస్తాడు. విన్నవాడికి ఇట్టే అర్థమవుతుంది. అదే మాట రికార్డింగులో వినిపిస్తే మాత్రం ‘కాగితాలు చూసుకోమన్నాను’ అని వాదించవచ్చు. మన భాషలో ఇంత సొగసైన దాపరికం మరో పనికి వాడగా నేను వినలేదు!

దీనికి తోడు, సాధారణంగా ఆ మాట విన్నది ఫిర్యాదుదారు ఒక్కడే. విచారణ నాటికి ఏళ్లు గడుస్తాయి, పని అయిపోయి ఉంటుంది, అతను అడ్డం తిరుగుతాడు. అంతటితో కేసు పోయినట్టేనా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాకా వెళ్లింది. ఫిర్యాదుదారు చనిపోయినా, అడ్డం తిరిగినా మిగతా సాక్షుల ద్వారా, పరిస్థితుల ద్వారా అడిగిన సంగతి రుజువు చేయవచ్చని 2022లో తేల్చారు. అడక్కుండా ఇచ్చిన లంచం పుచ్చుకున్నా నేరమే. అయితే అది లంచమని తెలిసే పుచ్చుకున్నాడని చూపాలి.

ఇక మీరడిగిన తెలుగు. ‘సొత్తుతో సహా దొరికాడు’ అన్నది చక్కటి పలుకుబడే, కానీ దొంగకు సరిపోయినట్టు లంచగొండికి సరిపోదు. దొంగ దగ్గర దొరికిన సొత్తే నేరం చెబుతుంది, ఇక్కడ నోటు చెప్పదు. దాడి జరిగిన రోజు వార్తకైతే ‘డబ్బు తీసుకుంటుండగా పట్టుకున్నారు’ చాలు. ‘లంచం’ అన్న మాట ఫిర్యాదుదారు ఆరోపణగా రాయాలి. దోషి అని తీర్పు వచ్చాక ఎలాగూ రాసుకోవచ్చు.