పేరు చెక్కించిన వస్తువు తప్పుగా వస్తే తిప్పి పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మానాన్నల షష్టిపూర్తికి వారి పేర్లు చెక్కిన ఇత్తడి పళ్లెం ఆన్‌లైన్‌లో చేయించాను. పేరు తప్పుగా వచ్చింది. ‘కస్టమైజ్డ్ వస్తువులకు రిటర్న్ లేదు’ అంటున్నారు. ఇక చేసేదేమీ లేదా?

జవాబు: ఉంది. ముందుగా మీరు ఆర్డరులో రాసిన అక్షరాలను, తయారీకి ముందు వారు చూపిన డిజైనును, చేతికొచ్చిన పళ్లేన్ని పక్కపక్కన పెట్టి అక్షరమక్షరం పోల్చి చూడండి. తప్పు ఏ దశలో దొర్లిందో తేలితే మీ వాదనకు ఎంత బలముందో తెలుస్తుంది.

మనసు మారితే వస్తువును తిప్పి ఇచ్చే సాధారణ హక్కును మన చట్టం ఇవ్వలేదు. అది అమ్మేవారు తమంతట తాము కల్పించే వెసులుబాటు. ఒకరి పేరు చెక్కిన వస్తువును మరొకరికి అమ్మలేరు గనుక వీటిని అందులోంచి మినహాయిస్తారు, ఆ మేరకు అది న్యాయమే. అయితే వస్తువులో లోపమున్నా, ఒప్పుకున్న విధంగా లేకపోయినా వెనక్కి తీసుకోవడానికి, సొమ్ము వాపసు ఇవ్వడానికి నిరాకరించరాదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. ‘రిటర్న్ లేదు’ అన్న షరతు ఈ బాధ్యతను తుడిచివేయదు.

నల్లగొండలో మా గృహప్రవేశానికి ‘లక్ష్మీ నిలయం’ అని స్టీలు నేమ్‌ప్లేటు చేయించినప్పుడు నాకూ ఇదే సమాధానం వచ్చింది. వాట్సాప్‌లో పంపిన డిజైనులో పేరు సరిగానే ఉంది; వచ్చిన ప్లేటు మీద మాత్రం ఒత్తులు విడిపోయి, ‘లక్ష్మీ’లో పొల్లులు విడివిడిగా కనిపించాయి. తెలుగు ఒత్తులను సరిగా కలపని సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిస్తే ఇలా జరుగుతుంది. అంటే తప్పు నా ఆమోదం తరువాత, వారి దగ్గర జరిగింది. నేను డిజైను స్క్రీన్‌షాటును, ప్లేటు ఫొటోను, బిల్లును జతచేసి, ‘నేను మనసు మార్చుకోలేదు, మీరు ఒప్పుకున్నది ఇది కాదు’ అని వారి గ్రీవెన్స్ ఆఫీసరుకు మెయిల్ రాశాను. సొమ్ము అడగకుండా, ముహూర్తం తేదీ చెప్పి, కొత్త ప్లేటు కోరాను. ఆ తేదీకి ముందే వచ్చింది.

అంతకు మునుపు మా చెల్లెలి పెళ్లిపత్రికల విషయంలో ఇలా అడిగే వీలు లేకపోయింది. ముహూర్తం దగ్గర ‘పగలు’కు బదులు ‘రాత్రి’ అని ప్రూఫులోనే ఉంది. నేను సరిగా చదవకుండా ‘ఓకే’ అన్నాను. ప్రెస్సువారు నేను ఒప్పుకున్నదే అచ్చు వేశారు కాబట్టి మళ్లీ వేయించే ఖర్చు మేమే భరించాము. ఆర్డరులో మీరే పేరు తప్పుగా టైపు చేసి ఉంటే మీ పరిస్థితీ అంతే. అప్పుడు సగం ఖర్చుకు మళ్లీ చేసిస్తారేమో మర్యాదగా అడగడమే దారి.

తప్పు వారిదైతే, గ్రీవెన్స్ ఆఫీసరు 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అదీ ఫలించకపోతే అమ్మినవారు ఏ ఊరివారైనా మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు వస్తువుకు రుసుము లేదు. అప్పటిదాకా ఆ పళ్లేన్ని వాడకుండా, వచ్చిన పెట్టెతో సహా అలాగే ఉంచండి.